సగం ట్యాంకరు

మొగిలి జగిత్యాల వాడలకు నీళ్లు మోసే ట్యాంకర్ లారీ డ్రైవరు. నిండు బండి అతని మాట వినేది. ఒక వాడలో సగం వదిలి, మిగతా సగంతో ఇంకో వాడకు పోయేటప్పుడే భయం. నిన్న బడి ముందు బ్రేకు తొక్కితే బండి ఆగబోయింది. అంతలో నీళ్లన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చి గుద్దాయి. బండి పిల్లల దాకా జరిగింది.

ట్యాంకు కడగడానికి ఇబ్బందని లోపల నీళ్ల ఊపును ఆపే అడ్డరేకులను కోయించింది ఓనరే.

“రేకులు పెట్టేదాక బండి ముట్ట సేటూ,” అన్నాడు మొగిలి.

“నీళ్లకు భయపడే డ్రైవర్‌ను నిన్నే చూస్తున్న.”

“అయితే సగం నీళ్లతోని నువ్వే తోలు. నేను పక్కన కూసుంట.”

ఓనరు తోలాడు. మొదటి బ్రేకుకే నీళ్లు గుద్దేసరికి దిగి, బండిని కోరుట్ల వెల్డింగ్ షాపుకు పంపాడు. అక్కడ పెద్ద రంధ్రాలున్న రేకులను ట్యాంకుకు అడ్డంగా అతికారు.

మొగిలి మళ్లీ సగం నీళ్లతో వచ్చి, ఖాళీ రోడ్డుపై బ్రేకు తొక్కాడు. ఆ తోపుడు రాలేదు. దిగి ట్యాంకుకు చెవి ఆనించాడు. అంత నీళ్ల ఉరుకు రేకురేకుకూ విరిగి, రంధ్రాల్లోంచి నెమ్మదిగా జారుతోంది.