డప్పులు కాగేదాకా ఊదిన పాట

మా అమ్మకు నాలుగేళ్లప్పుడే వాళ్లమ్మ పోయింది. ముఖం గుర్తు లేదు. మిగిలింది ఒక రాగం, అదీ మాటలు లేకుండా. అమ్మ బియ్యం ఏరుతూ దాన్నే కూనిరాగం తీసేది. నాకు బొగ్గుబావి ఆఫీసులో ఉద్యోగమొచ్చి గోదావరిఖని చేరాక కూడా అదే మాట: "మాటలు దొరికితే సచ్చేలోపు ఒక్కసారి పాడుకుందు బిడ్డా."

డెబ్బైల మొదట్లో ఒక సాయంత్రం నిమజ్జనానికి పోతున్న వినాయకుడు మా క్వార్టర్ల ముందు ఆగాడు. తోలు చల్లబడి మోత తగ్గిందని డప్పులవాళ్లు గడ్డి మంట పెట్టి డప్పులు కాచుకుంటున్నారు. బ్యాండు మాస్టర్ ఊరికే నిలబడలేక క్లారినెట్టు ఒక్కదాని మీదే ఏదో ఊదాడు. అమ్మ చేతిలో చాట జారింది.

"గదే! గదేరా బిడ్డా!"

"ఏదో సినిమా పాట" అన్నాను. బీఏ చదివినవాణ్ని, వెంటనే జవాబు చెప్పడం అలవాటు. ఏ సినిమా అని అమ్మ అడగలేదు. నా మీద ఆమెకు జాలి ఎక్కువ.

ఇంతలో డప్పులు కాగాయి. వినాయకుడు కదిలాడు.

మర్నాడు డ్యూటీ దిగి అమ్మను మాస్టర్ ఇంటికి తీసుకుపోయాను. ముందు గదే బ్యాండు దుకాణం. రాగం నేనే పాడి వినిపించాను. ఆయన మర్యాదస్తుడు.

"మూడు నాలుగు పాటలు కలిసినట్టున్నయి సార్."

తర్వాత నిన్న ఊదిందేమిటో తనే గుర్తు తెచ్చుకుని, పక్కన డోలు కొట్టించి, జోరుగా వాయించాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"గిది కాదు నాయనా. డప్పులు కాగవెట్టేటప్పుడు ఊదినవు సూడు, గది."

"గదే ఇది అమ్మా. ఊరేగింపుల డప్పుతోని నడవాలె గదా, ఉరికిచ్చి వాయిస్తం."

డోలు ఆపించి నెమ్మదిగా ఊదాడు. ఒక వరుస ముగించి ఊపిరికి ఆగాడు. ఆ సందులో అమ్మ అదే వరుసను గొంతులోనే తిరిగి అంది. రెండో వరుసకూ అంతే. మూడోసారి ఆయన క్లారినెట్టు దించేశాడు.

"ఒకరంటే తక్కినోళ్లు తిరిగి అంటరు. గిది నాట్లేసేటప్పటి పాట అమ్మా! మా ఉస్తాద్ పొలాల కాడ ఇని పట్టిండట. మాటలు నాకు తెల్వయి. క్లారినెట్టుకు మాటలేం పని అని అడగలే."

లోపలికి కేకేశాడు. ఆయన భార్య చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. పెళ్లికి ముందు నాట్లకు పోయిన మనిషి.

"గిదా? నడుము నొప్పి మరువనీకి పాడుదుము" అని ఎత్తుకుంది.

ఒడ్డు మీద పిల్ల ఏడుస్తోంది. ఈ మడి అయిపోగానే వస్తానని బురదలోంచి తల్లి చెబుతోంది. అంతే పాట. ఆమె ఒక్కో వరుస అంటే అమ్మ తిరిగి అంది, ఈసారి మాటలతో. అయ్యాక అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని అడిగింది.

"మడి అయిపోతదా బిడ్డా, పాటల?"

"అయిపోతది అవ్వా. ఆఖరుకు వచ్చి ఎత్తుకుంటది" అంది ఆమె, పాటలో లేని మాటను తనే కలిపి.

ఆ దంపతులు మాకు చాయ్ పోసి పంపించారు. మరుసటి ఏటి నుంచి వినాయకుడు మా క్వార్టర్ల దాకా రాగానే, డప్పులు ఎంత వేడిగా ఉన్నా, మాస్టర్ అమ్మ వైపు చూసి, డప్పులవాళ్లకు చెయ్యెత్తి అనేవాడు:

"ఇంకోపారి కాగవెట్టుండ్రి."