రెండో కుర్చీ

కోచింగ్ సెంటర్లో పోలికల ప్రశ్నలు చెప్పే రీజనింగ్ మాస్టారిది ఒకటే మొండిపట్టు.

"ముందు మాటల జంటని వాక్యంలో పెట్టండర్రా. రేక పువ్వులో భాగం. గులాబీ ఒక రకం పువ్వు. వెచ్చన ముదిరితే వేడి. కత్తెర ఉన్నది కత్తిరించడానికి. రెండో జంట అదే వాక్యంలో ఇమడకపోతే కొట్టిపారెయ్యండి. మొహమాటం వద్దు."

సాయంత్రం గదికొచ్చి కొత్త ప్రశ్న రాశారు. కత్తిరించడానికి కత్తెర ఎలాగో, కూర్చోవడానికి కుర్చీ అలాగ. అలవాటుగా పైకే చదివి చూసుకున్నారు.

"కుర్చీ ఉన్నది కూర్చోవడానికి."

భార్య పోయినప్పటి నుంచి ఎదురుగా ఉన్న ఆవిడ కుర్చీ ఈయన విడిచిన చొక్కాలు మోస్తోంది. ఆ కుర్చీ వాక్యంలో ఇమడలేదు.

ఆయన ప్రశ్న కొట్టెయ్యలేదు. విసుగ్గా చొక్కాలు మంచం మీద పడేసి, వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇప్పుడు ఆయన కుర్చీ ఖాళీ అయింది.