గేటు ముందు పెళ్లి కెమెరా

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా ఆఫీసుకు టైముకు వచ్చే మనిషి ఒక్కడే, మఫ్టీ కానిస్టేబుల్. మేమంతా దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఎల్బీ నగర్ చేరేసరికి ఆయన గేటు పక్కన టీ బండి దగ్గర నిలబడి ఉండేవాడు. స్పెషల్ బ్రాంచ్ అని అందరికీ తెలుసు. దాచడానికి ఆయన కూడా పెద్దగా కష్టపడలేదు.

మధ్యాహ్నం భోజన విరామంలో గేటు ముందు టెంటు కింద కూర్చుని నినాదాలు ఇచ్చేవాళ్లం. ఆయన రాకముందు మొదలుపెట్టేవాళ్లం కాదు. పైకి రిపోర్టు పోకపోతే కూర్చున్నా కూర్చోనట్టే అని మా వాళ్ల లెక్క.

“అక్కా, ఇయ్యాల ఎంతమంది? ఎవలెవలు మాట్లాడిన్రు?” అని నన్నే అడిగేవాడు. సిబ్బంది సెలవులు, ఇంక్రిమెంట్లు చూసే గుమాస్తాను కాబట్టి అందరూ నాకు తెలుసు. చెప్పేదాన్ని. ఆయన అవే ఫోన్‌లో పైవాళ్లకు చెప్పేసి, మాతోపాటు కూర్చుని మా డబ్బాల్లోంచే ఇంత తినేవాడు.

కొన్నాళ్లకు కెమెరా కూడా వచ్చింది. పోలీసులు కిరాయికి మాట్లాడుకున్న మనిషి, మామూలు రోజుల్లో పెళ్లిళ్లు తీసేవాడు. నా పెళ్లి తీసింది అతనే. టెంటులోనూ అదే అలవాటు. ఒక్కొక్కరి ముఖం దగ్గర ఆగి, “అక్కా, జర ఇటు చూడు. అన్నా, నవ్వు” అనేవాడు. మేము కొంగులు సర్దుకుని మరీ చూసేవాళ్లం. అంత తెలివితక్కువ జనాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు, నన్ను కలుపుకునే చెబుతున్నాను.

అప్పుడు నా తమ్ముడు నా దగ్గరే ఉండేవాడు. ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాడు. పోలీసు విచారణ అయిపోతే ఆర్డర్ వస్తుంది. పేరు మీద కేసు లేకపోతే చాలు.

ఒకరోజు నేను మరిచిపోయిన అన్నం డబ్బా పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. ఆరోజు టెంటులో వాళ్లమంతా లేచి చౌరస్తా వైపు నడిచాం. నాకు డబ్బా ఇద్దామని వాడూ వెంట నడిచాడు. ముందు ఎవరో బస్సు అద్దం పగలగొట్టారు. వెనక కెమెరా అతను, “తమ్మీ, ఇటు చూడు” అన్నాడు. వీడు డబ్బా పైకెత్తి నవ్వాడు.

ఆ బస్సు కేసులో నాయకుల పేర్లు రాసి, చివర ‘మరికొందరు’ అని పెట్టారు. ఆ మరికొందరు ఎవరో తర్వాత తీరిగ్గా వీడియో చూసి తేలుస్తారట. ముఖాలు గుర్తుపట్టే మనిషిని పంపమని మా ఆఫీసర్‌కు ఫోన్ వచ్చింది. నన్ను పంపారు.

స్టేషన్ గదిలో టీవీ పెట్టారు. ఇన్‌స్పెక్టర్ కుర్చీలో, మఫ్టీ కానిస్టేబుల్ కాగితాలతో, కెమెరా అతను రిమోట్ పట్టుకుని. ముఖం దగ్గర బొమ్మ ఆగుతుంది, ఇన్‌స్పెక్టర్ అడుగుతాడు. రోజూ టెంటులో కూర్చునేవాళ్ల పేర్లు కానిస్టేబుల్ దగ్గర ఎలాగూ ఉన్నాయి, అవి చెప్పాను. ఇంక్రిమెంట్ ఫైలు చదివినట్టే చదివాను. భయం వేయలేదు, సిగ్గూ వేయలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం బాగా గుర్తుంది.

తర్వాత తమ్ముడి నవ్వు దగ్గర ఆగింది.

“ఎవరమ్మా ఈ అబ్బాయి?”

“తెల్వది సార్.”

కానిస్టేబుల్ తల ఎత్తలేదు. డబ్బా తెచ్చిన రోజు గేటు దగ్గర చూశాడు, వాడు నా తమ్ముడని ఆయనకు బాగా తెలుసు. కెమెరా అతను మాత్రం నాకు మతిమరుపు వచ్చిందనుకున్నాడు.

“అయ్యో అక్కా, మీ తమ్ముడే కద! మీ పెండ్లిల వడ్డించుకుంట ఉరికిండు, నేనే తీసిన” అన్నాడు సంబరంగా. పాపం, సాయం చేశాననే అనుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగాడు. “పూర్తి పేరు చెప్పమ్మా.”

ఇంటిపేరుతో సహా నేనే చెప్పాను.

కొన్నాళ్లకు ఉద్యోగం విచారణకని అదే కానిస్టేబుల్ మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్లు తాగాడు. “ఏం జెయ్యాలె అక్కా, కేసుల పేరున్నది. లేదని ఎట్ల రాస్త?” అన్నాడు. నాకు కోపం రావాల్సింది, రాలేదు. మర్నాడు టీ బండి దగ్గర, “ఇయ్యాల ఎంతమంది?” అన్నాడు. చెప్పాను.

రాష్ట్రం వచ్చాక ఆ కేసు ఎత్తేశారు. అప్పటికి వాడికి ఉద్యోగం వయసు దాటిపోయింది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోన్ల దుకాణంలో పని చేస్తున్నాడు. ఆ డబ్బా సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

మొన్న బంధువుల పెళ్లిలో బంతిలో పక్కపక్కనే కూర్చున్నాం. వీడియో అబ్బాయి వచ్చి, “అక్కా, ఇటు చూడు” అన్నాడు. నేను కొంగు సర్దుకుని చూశాను. తమ్ముడు ముఖం విస్తరి మీదికి వంచేశాడు. ఆ అబ్బాయి ముందుకు కదిలిపోయేదాకా తల ఎత్తలేదు, ముద్ద కూడా నోట్లో పెట్టుకోలేదు.