బేస్ లొకేషన్: చెన్నై

ఆ ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. మూడు పేజీలు, ప్రతి పేజీ అడుగున నా సంతకం. చింపి పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్ నీళ్ళలో పారేద్దామని ఒకసారి జెట్టీ దాకా పట్టుకెళ్ళాను కూడా. మా ఆయన తన డోంగీ పడవలో వల సర్దుకుంటూ నన్ను చూసి, "సముద్రం ఏటి సేసింది నీకు?" అన్నాడు. సముద్రం నాకేమీ చేయలేదు. మడిచి మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాను.

మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వలలు మూట కట్టుకుని ఓడెక్కి వచ్చిన మనిషి. స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు జాలర్లకు ఈ దీవుల్లో చోటిస్తానంటే వచ్చాడు. మా వంశంలో చేపల వాసన లేని జీతం తెచ్చిన మొదటిదాన్ని నేనే. మా ఊళ్ళోనే డెలానీపూర్‌లో ఒక మేడ మీద ఎనిమిది మందిమి కూర్చునే చిన్న ఆఫీసు మాది. కంపెనీ పెద్ద ఆఫీసు చెన్నైలో ఉండేది. ఓడలకెక్కే సరుకు కాగితాల లెక్క చూసే ప్రోగ్రాములు రాసేవాళ్ళం. నా ఉద్యోగం ఉత్తరంలో పనిచేసే చోటు పోర్ట్‌బ్లెయిర్ అనే ఉంది. అందుకే ఆ ఉద్యోగంలో చేరాను. మా ఆయన డోంగీని చెన్నై నడివీధిలో నడపలేడు కదా!

సింగపూర్‌లో ఒక షిప్పింగ్ కంపెనీ మా ప్రోగ్రాము కొనుక్కుంది. రాసినవాళ్ళే వచ్చి పక్కన కూర్చుని తప్పులు సరిచేయాలని అడిగారు. రాసింది నేను. మా బ్రాంచి సారు ఒక ఫారం నా ముందు పెట్టి, "దీదీ, జల్దీ నింపేయండి, సాయంత్రం ఫ్యాక్స్ చెయ్యాలి" అన్నాడు. నింపాను. రెండు వారాలకు చెన్నై నుంచి, సింగపూర్ వెళ్ళి పనిచేయమని ఆన్‌సైట్ ఉత్తరం వచ్చింది.

వంటింట్లో పీట మీద కూర్చుని మా ఆయనకు దాన్ని తెలుగులో చదివి వినిపించాను. ఇక్కడి జీతం ఇక్కడ రూపాయల్లో పడుతూనే ఉంటుంది. అక్కడ ఉన్నన్ని రోజులకూ రోజుకింత అని అక్కడి డాలర్లలో భత్యం ఇస్తారు. మొదటి రెండు వారాలు హోటల్, తర్వాత ఇంకొకరితో కలిసి ఉండే ఇల్లు. కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి లేదు. తొమ్మిది నెలలు, కానీ క్లయింటు అవసరాన్ని బట్టి తగ్గించవచ్చు, పెంచవచ్చు. పని పూర్తయ్యాక బేస్ లొకేషన్‌కు, అంటే సొంత ఆఫీసుకు, తిరిగి వచ్చి పన్నెండు నెలలు కంపెనీలోనే పనిచేయాలి. ఈలోపు మానేస్తే టికెట్టు, వీసా, పంపినందుకైన ఖర్చులన్నీ కక్కాలి. భత్యం సంగతి మూడుసార్లు చదివాను. అది ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఆ డబ్బుతో డోంగీకి కొత్త ఇంజను వస్తుందని అప్పటికే లెక్కేసుకున్నాను.

మా ఆయన అడిగింది ఒక్కటే మాట. "మళ్ళా ఏడకి వత్తావు?"

"ఇక్కడికే" అన్నాను.

నా బుద్ధి గడ్డి తింది. మొదటి పేజీ మీద, నా పేరు కింద, బేస్ లొకేషన్ చెన్నై అని స్పష్టంగా ఉంది. చూశాను కూడా. చూసి దాటేశాను. మెయిన్‌ల్యాండ్ వాళ్ళకు ఇది చెప్తే నవ్వుతారు, చదువుకున్నదానివి, అంత పెద్ద అక్షరాలు కనపడలేదా అని. కనపడ్డాయయ్యా. దీవుల్లో పుట్టినవాళ్ళకు కాగితం మీద చెన్నై అంటే ఊరు కాదు. పరీక్ష రాస్తే సెంటరు చెన్నై. పార్శిల్ తెప్పిస్తే చిరునామా చెన్నై, అక్కడి నుంచి ఓడ. ఏ ఫారంలోనైనా పోర్ట్‌బ్లెయిర్ అని రాస్తే, ఆ ప్రాంతానికి సర్వీసు లేదని తిరిగొస్తుంది. ఊహ తెలిసినప్పటి నుంచి చెన్నై అని రాస్తాం, చెన్నై అని చదువుతాం, పోర్ట్‌బ్లెయిర్ అని అర్థం చేసుకుంటాం. ఇంట్లో అందరం అంతే. నేను చూపించినా మా ఆయన కూడా ఆ మాట దగ్గర ఆగేవాడు కాదు.

మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. తొమ్మిది నెలల్లో వచ్చేస్తానని ఒట్టేశాను. క్లయింటు ఇంకో రెండు నెలలు పెంచాడు. ఉత్తరంలో ఉన్నదే కాబట్టి నోరు మూసుకున్నాను. పదకొండు నెలలు ఆదివారం ఆదివారం ఫోను చేసేదాన్ని. మొదట్లో అది ఫోను వదిలేది కాదు. చివర్లో "నాన్నకిస్తా" అని చెప్పి పారిపోయేది. దగ్గరకు వెళ్తే సర్దుకుంటుందిలే అనుకున్నాను. మూడు రకాల చాక్లెట్లు, ఒక ఎర్ర స్కూలు బ్యాగు కొన్నాను.

తిరుగు టికెట్టు చెన్నై వరకే ఇచ్చారు. అదీ నాకు తేడాగా అనిపించలేదు. ఏ దేశం నుంచి వచ్చినా మేం చెన్నైలోనో కలకత్తాలోనో దిగి విమానం మారాల్సిందే కదా. చెన్నైలో దిగి, పెట్టెలు బండి మీద పెట్టుకుని, ఆఫీసుకు ఫోను చేసి నా పోర్ట్‌బ్లెయిర్ టికెట్టు ఎక్కడ తీసుకోవాలని అడిగాను. అవతల ట్రావెల్ చూసే కుర్రవాడు కంప్యూటర్‌లో చూసి, పోర్ట్‌బ్లెయిర్ ఎందుకు మేడమ్, మీరు సోమవారం ఇక్కడే రిపోర్టు చేయాలి కదా అన్నాడు. ఎవరితోనో పొరబడ్డావని కసిరాను. వాడు నా ఎంప్లాయీ నంబరు చదివి వినిపించాడు. బండి పక్కకు లాగి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎర్ర బ్యాగు అన్నిటికంటే పైన ఉంది.

సోమవారం దాకా ఆగలేదు. పెట్టెలతో సహా ఆటోలో ఆఫీసుకు వెళ్ళాను. హెచ్.ఆర్. మేడమ్‌ది నెల్లూరు వైపు, తెలుగులోనే మాట్లాడింది. ఏసీ గదిలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ఆ మర్యాదకే ముందు ఒళ్ళు మండింది. నా ఉద్యోగం ఉత్తరం బయటికి తీసి, ఇందులో పోర్ట్‌బ్లెయిర్ ఉంది చూడండి అన్నాను. అదే ఉత్తరంలో కిందికి వేలు జరిపి, అవసరాన్ని బట్టి దేశంలో ఏ ఆఫీసుకైనా బదిలీ చేయవచ్చు అన్న వాక్యం చూపించింది. ఆన్‌సైట్ ఉత్తరం ఆన్‌సైట్ వరకే కదా, అది నిన్నటితో అయిపోయింది కదా అన్నాను. పని అయిపోయింది, తిరిగి వచ్చే షరతులు ఈ రోజు మొదలయ్యాయి అంది. తప్పు పట్టడానికి లేదు. అదే నాకు ఇంకా కడుపుమంట.

అసలు సంగతి మెల్లగా బయటపడింది. సింగపూర్ పని మొత్తం చెన్నై టీముకు మార్చేశారు. దాని లోపల ఏముందో తెలిసింది నాకొక్కదానికే. డెలానీపూర్‌లో నా కుర్చీలో ఎప్పుడో ఇంకొకర్ని కూర్చోబెట్టారు.

"మరి ఇన్నాళ్ళూ నాకు చెన్నై వాళ్ళ సిటీ అలవెన్సు ఎందుకివ్వలేదు? అప్పుడు నేను పోర్ట్‌బ్లెయిర్‌దాన్ని, ఇప్పుడు చెన్నైదాన్నా?" అని అడిగాను.

అలవెన్సు పనిచేసే చోటును బట్టి మేడమ్, బేస్‌ను బట్టి కాదు అని ఆవిడ వివరించింది. నేనప్పటికే లేచి నిలబడి ఉన్నాను. ఎవడు రాశాడు చెన్నై అని, వాణ్ణి పిలవండి, నా ముందుకొచ్చి చెప్పమనండి అని అరిచాను. గాజు తలుపు అవతల తలలు లేచాయి. ఆవిడ ఫైలు తెరిచి, ఒక ఫ్యాక్స్ కాగితం నా వైపు తిప్పింది.

బ్రాంచి సారు జల్దీ నింపమన్న ఫారం అది. బేస్ లొకేషన్ అన్న గడిలో నా అక్షరాలు. 'చ' కొంచెం పెద్దగా రాసే అలవాటు నాకు తెలుగులోనే కాదు, ఇంగ్లీషులో మొదటి అక్షరం కూడా అంతే రాస్తాను. గీత కూడా వణకలేదు. ఒక్క క్షణం ఆలోచించిన గుర్తు కూడా లేదు. నా ఊరును నేనే చేతులారా కొట్టేసి వచ్చి, కొట్టేసినవాడెవడని గొంతు చించుకుంటున్నాను.

ఆ తర్వాత ఫోనులో బ్రాంచి సారును నానా మాటలూ అన్నాను. "దీదీ, మీరు రాసిందే కదా నేను పంపాను. మనం ఎప్పుడూ అలాగే రాస్తాం కదా" అన్నాడు పాపం. అతనిదీ ఈ దీవే. అతని కంటికీ ఆ మాట ఆనలేదు. చెన్నైవాళ్ళకు మాత్రం ఆనింది. ఆనాక, ఇది పోర్ట్‌బ్లెయిర్‌లో పనిచేసే మనిషి, ఇలా రాసిందేమిటి, ఒకసారి అడుగుదాం అని ఒక్కరికైనా అనిపించలేదా? అనిపించి ఉంటుంది. వాళ్ళకు కలిసొచ్చే తప్పు కాబట్టి అడగలేదు. నా తప్పు నాదే, కాదనను. దాన్ని చూసి గమ్మునున్నవాళ్ళను మాత్రం ఈ జన్మకు క్షమించను.

మానేసి వెళ్ళిపోవచ్చు. కక్కాల్సిన డబ్బు ఎంతో ఆవిడ అప్పటికప్పుడు కాగితం మీద వేసి చూపించింది. కొత్త ఇంజను అప్పటికే డోంగీకి బిగించేశారు. పన్నెండు నెలలు చేశాను. పదమూడో నెల మొదటి రోజు పొద్దున్నే రాజీనామా ఆవిడ బల్ల మీద పెట్టి వచ్చాను.

ఆ పన్నెండు నెలల మధ్యలో నాలుగు రోజులు సెలవు దొరికితే ఇంటికి వెళ్ళాను. నేను పార్శిల్‌లో పంపిన ఎర్ర బ్యాగు అప్పటికే పాతబడింది. మా అమ్మాయి చాప మీద బోర్లా పడుకుని స్కూలు ఫారం నింపుకుంటోంది. కొత్త తరగతికి పిల్లల వివరాలు అడిగారట. హిందీ అక్షరాల్లో వంకర లేకుండా రాస్తోంది. తండ్రి పేరు, తండ్రి పని, తండ్రి ఉండే చోటు జంగ్లీఘాట్. తల్లి ఉండే చోటు అన్న గడిలో చెన్నై అని ఉంది.

నాకు ప్రాణం చివుక్కుమంది. పక్కన కూర్చుని, అది కొట్టేసి పోర్ట్‌బ్లెయిర్ అని రాయమన్నాను. అది పెన్ను ఎత్తి నన్ను చూసింది. కోపం లేదు ఆ మొహంలో, ఉంటే బాగుండేది.

"మరి ఝూట్ రాయమంటావా అమ్మా?" అంది.

మా ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. అది రాయడం ముగించి, అడుగున గీత చూపిస్తూ, ఇక్కడ అమ్మ గానీ నాన్న గానీ సంతకం పెట్టాలి, పైన రాసిందంతా నిజమని, అంది. పెన్ను నా చేతికిచ్చింది.

ఈసారి చదివాను. మొదటి గడి నుంచి చివరి గడి దాకా, ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదివాను. చెన్నై దగ్గర వేలు ఆగింది. అందులో తప్పేమీ లేదు. సంతకం పెట్టి ఇచ్చేశాను.