బాపుకు బదులు మేం చెప్పిన జవాబు

"ఈ ఆరు నెలల్లో ఎప్పుడైనా కింద పడ్డారా పెద్దయ్యా?" అని హైదరాబాద్ క్యాన్సర్ దవాఖానలో నర్సు అడిగింది మా బాపును. జవాబు చెప్పింది మా అన్న.

"మా బాపు పడుడేంది మేడం? దినాం గొర్ల ఎంట పొద్దుగూకేదాక తిరుగుతడు."

పచ్చి అబద్ధం. బాపు గొర్లు కాయడం మానేసి ఏడాదైంది. పొద్దునా సాయంత్రం గొర్ల దొడ్డిదాకా పోయి, వాటిని తడిమి వచ్చేవాడు. ఆ నెలలోనే దొడ్డి దగ్గర రెండుసార్లు పడ్డాడు. లేపింది నేనే. బలం లేదంటే మంచి మందు ఇవ్వరని అన్న భయం. పెద్దకొడుకు మాట్లాడుతుంటే మా ఇళ్లలో ఆడబిడ్డ మధ్యలో దూరదు. నేనూ నోరు మూసుకున్నాను. దానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది. నయం కాదు, మందుతో కొంతకాలం ఆపొచ్చన్నారు. మా మాట నమ్మి రెండు రకాల మందు పూర్తి మోతాదులో ఎక్కించారు. ఆ మనిషిని నాలుగడుగులు నడిపించి చూసే తీరిక ఒక్కరికీ లేకపోయింది. రెండో విడతకే విరేచనాలు పట్టుకున్నాయి, అరికాళ్లు మొద్దుబారాయి, వాకిట్లో పడ్డాడు. జడ్చర్ల దవాఖానలో పన్నెండు రోజులు మంచం మీదే ఉన్నాడు. ఇంటికొచ్చాక కడుక్కోవడానికి లోటా కూడా నేనే పట్టాలి. "గొర్లు మేసినయా బిడ్డా?" అని గోడవైపు తిరిగేవాడు. అన్న మీదా, నా మీదా నాకు ఒళ్లు మండిపోయేది.

మళ్లీ పోయినప్పుడు అన్నకంటే ముందే నర్సుకు అన్నీ చెప్పేశాను. ఈసారి డాక్టరమ్మ బాపును కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమంది. అన్న పట్టుకోబోతే వద్దంది. ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకుంది. తిండి, బరువు, జ్ఞాపకం, వేసుకునే గోళీలు అన్నీ అడిగింది. చివరికి, "మీకేం కావాలి?" అంది. అంతవరకూ ఆ మాట ఆయన్ను ఎవరూ అడగలేదు.

"ఎన్నొద్దులు బతుకుతనో నాకెర్క లేదమ్మా. నా కాళ్ల మీద నేను గొర్ల దొడ్డికి పోవాలె. ఒకలు ఎత్తుకపోవద్దు."

కాళ్లను మొద్దుబార్చే మందు ఆపేసింది. ఒకటే రకం గోళీలు, అవీ తగ్గించి రాసింది. తల తిప్పుతున్న బీపీ మాత్ర మార్చింది. కాళ్లకు కసరత్తులు నేర్పించింది.

"ముసలోడని ఇడిసిపెడుతున్నరా మేడం?" అన్నాడు అన్న.

"వయసు చూసి కాదు. ఆయన తట్టుకునేంత ఇస్తున్నం. తట్టుకుంటే పెంచుదాం."

నెలన్నరకు బాపు కట్టె పట్టుకుని దొడ్డికి పోయాడు. ఎనిమిది నెలలు అలాగే పోయివచ్చాడు. చివరి పది రోజులే మంచం పట్టాడు.

దినాలనాడు చుట్టాల ముందు అన్న అన్నాడు: "పెద్ద మందు ఆపకుంటే ఇంకా బతికేటోడు."

ఈసారి నేను నోరు మూసుకోలేదు. "బతికేటోడేమో అన్నా, మంచంల. నువ్వు లోటా పట్టేటోడివా?"