బార్లా తెరిచిన హోమ్ డైరెక్టరీ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బెంగళూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో లినక్స్ సర్వర్ చూసుకునేవాణ్ణి. చూసుకోవడమంటే తక్కువ మాట. అది మా తాతలు నాకు రాసిచ్చిన ఆస్తి అన్నట్టు తిరిగేవాణ్ణి. ఎవరైనా దాని జోలికి వస్తే నాకు ఒళ్ళు మండేది.

అలా వచ్చినావిడ ఒకరున్నారు. నలభై దాటిన మనిషి, బెంగళూరులోనే పాత బళేపేట సందుల్లో పుట్టి పెరిగారు. పదిహేనేళ్ళు ఒక చర్చి బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పి, సాయంత్రాలు క్లాసులకు వెళ్ళి లినక్స్ నేర్చుకుని, ఆరు నెలల ప్రొబేషన్ మీద మా దగ్గర చేరారు. నేను ఆవిడను మేడమ్ అనేవాణ్ణి. ఆవిడ నన్ను ‘అప్పా’ అనేవారు. టీము లీడర్ని నేనే అయినా, ఆ పిలుపు వింటే హోంవర్క్ చెయ్యని కుర్రాడిలా అయిపోయేవాణ్ణి.

మా ఆరుగురి పాస్‌వర్డులూ అప్పట్లో కీబోర్డుల కింద చీటీల మీద ఉండేవి. నాది కూడా. మేడమ్ అది చూసి మేనేజర్‌తో, పాస్‌వర్డులు తీసేసి అందరం ఎస్‌ఎస్‌హెచ్ కీలతోనే సర్వర్‌లోకి వెళ్దామన్నారు. కీకి రెండు సగాలు. రహస్యమైన సగం మన మెషిన్లో ఉంటుంది, రెండోది సర్వర్లో మన పేరిట ఉండే ఫోల్డరులో, అంటే మన హోమ్ డైరెక్టరీలో, ఒక ఫైల్లో ఉంటుంది. రెండూ కలిస్తేనే లోపలికి రానిస్తుంది. మేనేజర్ సరేనని ఒక షరతు పెట్టాడు. శుక్రవారం మూడు గంటలకు తన కళ్ళముందు ఆరుగురూ కీలతో లాగిన్ కావాలి. అలా అయితే మేడమ్ ఉద్యోగం ఖాయం. కాకపోతే మళ్ళీ పాస్‌వర్డులే, ప్రొబేషన్ సంగతి అప్పుడు చూద్దాం.

శుక్రవారం పొద్దున ఆవిడ పాస్‌వర్డు లాగిన్ ఆపేశారు. ఐదుగురు చక్కగా లోపలికి వెళ్ళారు. ఆరోవాణ్ణి నేను. ‘పర్మిషన్ డినైడ్’ అంది నా తెర. మూడేళ్ళుగా పెంచి పోషించిన సర్వర్ నా ముఖం మీదే తలుపేసింది.

దాచడమెందుకు, లోపల ఒక మూల నాకు సంబరంగానే ఉంది. బడిపంతులమ్మలకు ఇవన్నీ ఎందుకని నేను ముందే అనుకున్నాను! భోజనానికి వెళ్ళేలోపే మేనేజర్‌కు మెయిల్ కొట్టాను. ‘కొత్త ఏర్పాటు వల్ల సర్వర్ బాధ్యత చూసే నాకే లోపలికి దారి లేకుండా పోయింది’ అని ఎంతో బాధగా రాశాను.

రెండు గంటలకు మేడమ్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

“ముందు నీ ఏజెంట్‌ను అడుగు, దాని దగ్గర కీ ఉండాదా అని.”

ఏజెంట్ అంటే మన కీని మోస్తూ, అడిగిన చోట మన తరఫున చూపించే ప్రోగ్రాం. అడిగితే తన దగ్గర ఏ కీ లేదంది. మెషిన్ ఆపితే అది కీని మరిచిపోతుంది, పొద్దున ఆపి మళ్ళీ వేసినవాణ్ణి నేనే. కీ ఎక్కించబోతే ఇంకో గొడవ. ఫైలు పర్మిషన్లు మరీ వదులుగా ఉన్నాయి, ఎవరైనా చదవొచ్చు, ఈ కీని లెక్కలోకి తీసుకోనంది. మెషిన్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు కీని పెన్ డ్రైవ్‌లో మోసుకొచ్చాను. ఈ పర్మిషన్ల సంగతులు పెన్ డ్రైవ్‌కు పట్టవు.

“ఆరు సున్నా సున్నా కొట్టప్పా. నువ్వు మాత్రమే చదవాల, రాయాల,” అన్నారు. కొట్టాను. కీకి నేను పెట్టుకున్న రహస్యపు మాట, పాస్‌ఫ్రేజ్ అడిగింది, ఇచ్చాను. ఏజెంట్ కీ తీసుకుంది. మళ్ళీ సర్వర్ తలుపు తట్టాను. కీ చూపించినట్టు మా వైపు కనబడుతోంది. జవాబు మాత్రం పాతదే.

“చూశారా, మీ సర్వర్ సెట్టింగులే తప్పు,” అన్నాను. పొద్దున్నదాకా నాదైన సర్వర్ ఒక్కపూటలో ఆవిడదైపోయింది.

ఆవిడ తన మెషిన్ నుంచి లోపలికి వెళ్ళి సెట్టింగుల ఫైలు తెరిచారు. కీ లాగిన్‌కు అనుమతి ఉంది. కీలు వెతకాల్సిన చోటు సరిగ్గా రాసి ఉంది. నా కీ ఉన్న ఫైలు, అది ఉన్న ఫోల్డరు, రెండూ నా ఒక్కడికే తెరుచుకునేట్టు ఉన్నాయి. రెండున్నర అయింది. ఆవిడ చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. గడియారం వైపు ఒకసారి చూశారు. నా సంబరం అప్పటికి సగం చచ్చింది.

“బయట నిలబడినోడికి సర్వరు కారణం చెప్పదప్పా. లోపల రాసుకుంటాది,” అంటూ లాగ్ తెరిచారు. ఒక్క నిమిషం చదివి, మానిటర్‌ను మిగతావాళ్ళకు కనబడకుండా నా వైపు తిప్పారు.

నా హోమ్ డైరెక్టరీ పర్మిషన్లు బాగాలేవు, అందుకే రానివ్వలేదు అని అందులో ఉంది. నా పేరుతో సహా, తారీఖు టైముతో సహా.

అప్పుడు గుర్తొచ్చింది. టీము భోజనానికి ఎవరు ఏ రోజు ఏ కూర తెస్తారో రాసే జాబితా నా హోమ్‌లో పెట్టేవాణ్ణి. ‘రాయనివ్వట్లేదు, రాయనివ్వట్లేదు’ అని ఒక్కొక్కరూ వచ్చి ప్రాణం తీస్తుంటే, విసుగొచ్చి డైరెక్టరీ మొత్తానికి ఏడు ఏడు ఏడు కొట్టాను. అంటే ఎవరైనా రావచ్చు, ఏదైనా రాయవచ్చు, తీసెయ్యవచ్చు. పాస్‌వర్డు లాగిన్ అది పట్టించుకోదు. కీ లాగిన్ పట్టించుకుంటుంది.

“ఆ పర్మిషన్లు చూడడం మానెయ్యమని సెట్టింగుల్లో ఒక్క లైను మారిస్తే సరిపోతుంది కదా,” అని గొణిగాను.

“ఎందుకు మార్చాల? నీ కీ ఉండే ఫోల్డరు పక్కకు తోసి, తన కీతో ఇంకొకటి అదే పేరుతో పెట్టి, ఎవరన్నా నువ్వయి లోపలికి వచ్చేయొచ్చు. ఇంటి తలుపు బార్లా తెరిచిపెట్టుకోని బీగం బాగలేదంటావే!”

ఒక్క కమాండు కొట్టారు. ఇక నేను తప్ప ఎవరూ అందులో రాయలేరు. నేను మళ్ళీ తట్టాను. లోపల ఉన్నాను.

మూడింటికి మేనేజర్ వచ్చాడు. ఆరుగురం ఒకరి తర్వాత ఒకరం లాగిన్ అయి చూపించాం. అతను తల ఊపి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. నా మెయిలు! ప్రింటు తీసుకుని మరీ వచ్చాడు.

“మరి ఇదేంటి? మేడమ్, మీ ఏర్పాటులో తేడా ఏమైనా ఉందా?”

ఆవిడ నా వైపు చూడలేదు. లాగ్ ఇంకా తెర మీదే ఉంది, వేలు పెట్టి చూపిస్తే అయిపోయేది. ఆవిడ కీబోర్డు మీది చేతులు తీయలేదు. ‘ఏదో చిన్న సమస్య, సర్దుకుంది’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“ఆవిడ ఏర్పాటు సరిగ్గానే ఉందండీ. నేనే నా డైరెక్టరీ అందరికీ తెరిచిపెట్టాను, మూడేళ్ళుగా. మేడమ్ కనిపెట్టకపోతే ఇంకో మూడేళ్ళు అలాగే ఉండేది,” అన్నాను. టీము ఫక్కున నవ్వింది. మేనేజర్ ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, ఆవిడ కన్ఫర్మేషన్ ఉత్తరం సోమవారం ఇస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కాఫీ దగ్గర కొంచెం బడాయిగానే అడిగాను, నేను నోరు విప్పకపోతే లాగ్ చూపించేవారే కదా అని.

ఆవిడ కప్పు కింద పెట్టారు. “లేదప్పా. బడిలో ఒక్క దినం కూడా నేను ఒక పిల్లోడి తప్పు పదిమందిలో ఎత్తి చెప్పింది లేదు. నువ్వు చెప్పకుంటే సోమవారం నుంచి ఇంగో ఉద్యోగం ఎతుక్కుంటా ఉందును.”

అని మళ్ళీ కాఫీ తాగసాగారు. పొద్దున ఆ మెయిల్ పంపడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.