యాభై మూడు గెలిచి ఓడిన వెంకట్రాం సార్

కాళేశ్వరం దగ్గర మా హైస్కూల్లో వెంకట్రాం సార్ వ్యాయామ ఉపాధ్యాయుడు. నేను అదే బడిలో సోషల్ చెబుతాను. ఆయనకు నలభై ఆరేళ్లు. మెడలో విజిల్, చేతిలో ఎప్పుడూ ఫోన్. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఒక సీజన్ పన్నెండో ఆటగాడిగా వెళ్లారు. ఆ సీజన్ మొత్తంలో మైదానంలోకి నాలుగుసార్లు అడుగుపెట్టారు, నాలుగుసార్లూ మంచినీళ్ల సీసాలతోనే. అయినా క్రికెట్ గురించి ఆయనకు తెలిసినంత మా మండలంలో మరొకరికి తెలియదు. ఏ బౌలర్‌కు ఎడమచేతి ఆటగాళ్లంటే గుబులో, ఏ ఊరి పిచ్ మంచు పడితే ఎలా మారుతుందో, మేం టిఫిన్ డబ్బా మూత తీసేలోపు చెప్పేసేవారు.

ఇంత తెలివి స్టాఫ్‌రూమ్‌లో ఊరికే పోతోందన్న బాధ ఆయనకుండేది. ఆ బాధకు మందు ఫ్యాంటసీ యాప్‌లో దొరికింది. ఆ రోజు ఆడే రెండు జట్లలోంచి పదకొండు మందిని మనం ఎంచుకోవాలి. వాళ్లు నిజం మ్యాచ్‌లో కొట్టిన పరుగులకూ తీసిన వికెట్లకూ మనకు పాయింట్లు వస్తాయి. మనం కెప్టెన్ అని పెట్టుకున్నవాడికి రెట్టింపు, వైస్ కెప్టెన్‌కు ఒకటిన్నర రెట్లు. ప్రవేశ రుసుం కట్టి పోటీలో చేరాలి. ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్లకు బహుమతి.

చిక్కల్లా తెలంగాణలో డబ్బు పెట్టి ఇలాంటి ఆటలాడటం 2017 నుంచి నిషేధం. ఫోన్ ఎక్కడుందో యాప్ కనిపెట్టి, ఇక్కడ కుదరదని చెప్పేస్తుంది. కానీ గోదావరి మీద బ్రిడ్జి దాటితే మహారాష్ట్ర. అక్కడ అప్పట్లో కుదిరేది. కాబట్టి సార్ యాకయ్య ఆటో ఎక్కి బ్రిడ్జి దాటేవారు. రానూపోనూ నలభై రూపాయలు. అవతల ఆటో ఆపగానే యాప్ ఇంకో ప్రశ్న అడిగేది: మీరు తెలంగాణ నివాసి కాదు కదా? సార్ ఓసారి వెనక్కి తిరిగి గోదావరిని చూసి, "ఇప్పుడైతే కాదు" అని గొణిగి, కాదు అని నొక్కేవారు.

లక్షల మంది చేరే పెద్ద పోటీల్లో మొదటి బహుమతి కోటి అని రాసి ఉండేది. అందులో సార్ ఒకసారి నలభై తొమ్మిది రూపాయలు కట్టి నలభై వేల చిల్లర ర్యాంకు తెచ్చుకున్నారు. నూట పది రూపాయలు వచ్చాయి. ఆ ఆనందంలో స్టాఫ్‌కంతా సమోసాలు తెప్పించారు. మేం పద్నాలుగు మందిమి. మనిషికి రెండు చొప్పున తిన్నాం.

ఈ వ్యవహారం ఆయన భార్య రాజమణికి ఆమె తమ్ముడి ద్వారా తెలిసింది. రాజమణిది గుడి దగ్గర పూజా సామాన్ల దుకాణం. కొబ్బరికాయ చేత్తో పట్టుకుని అది ఎన్ని రోజుల కిందటిదో చెప్పగలదు. తమ్ముడు హన్మంత్‌కు మహబూబాబాద్‌లో ఎరువుల షాపు. అతనికి ఉన్నట్టుండి భక్తి ముదిరింది. పదిహేను రోజులకోసారి కాళేశ్వరం రావడం మొదలుపెట్టాడు. గుళ్లో పది నిమిషాలు, బ్రిడ్జి అవతల ఆటోలో మూడు గంటలు. అక్కడ కూర్చుని ఫోన్‌లో రమ్మీ ఆడేవాడు. ఒకరోజు రాజమణి ప్రసాదం ఇద్దామని వెతికితే తమ్ముడూ లేడు, భర్తా లేడు. ఇద్దరూ బ్రిడ్జి అవతల, ఒకే ఆటోలో, చెరో ఫోన్‌తో దొరికారు.

"అక్కా, ఇది జూదం కాదే. రమ్మీ తెలివి ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది" అన్నాడు హన్మంత్.

"కోర్టు ఆటకు తెలివి గావాలన్నది. అది నీకున్నదని ఏడ రాసింది?" అంది రాజమణి.

యాకయ్య నవ్వు ఆపుకోవడానికి ఆటో టైరు వైపు వంగి చూశాడు.

వెంకట్రాం సార్‌కు మాత్రం పౌరుషం వచ్చింది. హన్మంత్ సంగతి వేరు, తనది చదువుకున్న ఆట అన్నారు. రాజమణి వాదించలేదు.

"సరే. ఈ ఐపీఎల్‌ల వంద పోటీలు ఆడు. పెద్ద పోటీలొద్దు, ఒకరి మీద ఒకరు ఆడేటియి. ఒక్కోటి యాభై. అయిదు వేలు నేనిస్త. సీజన్ అయినంక అయిదు వేల మీద ఒక్క రూపాయి ఉన్నా నీ ఇష్టం, జీవితమంత ఆడుకో. తక్కువైతే బంద్."

"వందెందుకు, పది చాలదా?"

"పది రోజుల అమ్మకం జూసి దుకాణం నడుస్తున్నదో లేదో నేను జెప్పలేను. నువ్వెట్ల చెప్తవు?"

ఆ సీజన్ సార్ చేసిన కృషి నేను కళ్లారా చూశాను. బీపీఎడ్ పరీక్షకు కూడా ఆయన అంత చదివి ఉండరు. నోట్‌బుక్ పెట్టి మైదానాల కొలతలు రాసుకున్నారు. టాస్ పడి పదకొండు మంది పేర్లు బయటికి రాగానే జట్టు సరిచేసి, పోటీలో చేరేవారు. అరగంటలో అంతా అయిపోవాలి. ఒకసారి బ్రిడ్జి మధ్యలో వరి గడ్డి ట్రాక్టర్ అడ్డం తిరిగితే, సార్ ఆటో దిగి మహారాష్ట్ర వైపు పరుగెత్తారు. పీఈటీ సార్ పరుగెత్తగా నేను చూడటం అదే మొదలు.

తెలివి పనిచేసింది కూడా. ఎవరూ పట్టించుకోని ఒక స్పిన్నర్‌ను కెప్టెన్ చేసి గెలిచారు. అయితే తెలివి పనిచేయని రోజులూ ఉన్నాయి. ఒకరోజు ఆయన కెప్టెన్ ఒక్క బంతి కూడా ఆడకుండా అవుటయ్యాడు. అవతలి ఎండ్‌లో బ్యాటర్ కొట్టిన బంతి బౌలర్ వేళ్లకు తగిలి, ఇవతలి వికెట్లకు తగిలింది. అప్పటికి కెప్టెన్ గీత దాటి ఉన్నాడు. సార్ తన నోట్‌బుక్ అంతా తిరగేశారు. బౌలర్ వేళ్ల గురించి అందులో ఏమీ లేదు. ఇంకోటి, అవతల పోటీకి దిగేవాళ్లు కూడా ఊరికే వచ్చినవాళ్లు కారు. ఒకే పేరు పదేపదే ఎదురుపడేది. వాడు సార్ లాగే నోట్‌బుక్ రాసేవాడై ఉంటాడు.

జూన్ మొదటి వారంలో సీజన్ ముగిసింది. సార్ ఇంటికి నన్ను సాక్షిగా తీసుకెళ్లారు. వందలో యాభై మూడు గెలిచారు.

"సగం కన్న ఎక్కువ. ఇగ మాట్లాడు" అన్నారు భార్యతో, వసారాలో కుర్చీ లాక్కుని.

"ఎంత ఉన్నది?" అంది ఆమె.

సార్ ఫోన్ తీశారు. నాలుగు వేల ఆరు వందల పదకొండు. మళ్లీ చూశారు. తర్వాత నాకిచ్చి నన్ను చూడమన్నారు. నాకూ అంతే కనిపించింది. ఎవరో ఫోన్‌లోంచి డబ్బు తీశారని అక్కడికక్కడే కంపెనీకి మెసేజ్ పెట్టారు. జవాబు మర్యాదగానే వచ్చింది: ఇద్దరు కట్టిన వంద రూపాయల్లో గెలిచినవారికి ఎనభై ఏడు వస్తుందని ప్రతి పోటీ మీదా రాసి ఉంది, దయచేసి గమనించగలరు. పదమూడు రూపాయలు ఆట నడిపినందుకు కంపెనీ వాటా. ఆ అంకె రోజూ కళ్ల ముందు కనబడుతూనే ఉంది. గెలిచినప్పుడు ఎనభై ఏడు పెద్దగా కనిపించి, పదమూడు కనిపించలేదు.

"అయినా యాభై మూడు గెలిస్తే ఎట్ల పోతయ్?" సార్ ఆ మాటే పట్టుకుని కూర్చున్నారు.

అది ఆదివారం మధ్యాహ్నం, హన్మంత్ కూడా ఉన్నాడు. రాజమణి ఉడకబెట్టిన పల్లికాయల గిన్నె తెచ్చి వసారాలో చాప పరిచింది. హన్మంత్‌కు యాభై కాయలు, వెంకట్రాం సార్ తల్లి రామలచ్చమ్మకు యాభై లెక్కబెట్టి ఇచ్చింది. రామలచ్చమ్మకు డెబ్బై రెండు. పెళ్లిళ్లలో ఆమెతో పేకాటకు కూర్చోవడానికి మగవాళ్లే వెనకాడేవారు.

"ఇద్దరూ రమ్మీ ఆడుండ్రి. ఆటకు ఒక్కొక్కలు పది కాయలు పెట్టాలె. గెలిచినోళ్లకు పదిహేడు. మూడు నాయి."

"నువ్వాడవు గదా, నీకెందుకు?" అన్నాడు హన్మంత్.

"చాప నాది. పేక నాది. నేను కంపెనీని."

ఇరవై ఆటలు ఆడారు. రామలచ్చమ్మ ఒక్క ముక్క కూడా వృథాగా పారేయలేదు. హన్మంత్‌కు ఏ ముక్క కావాలో అతనికన్నా ముందు ఆమెకే తెలిసేది. అయినా ముక్క పడనప్పుడు ఆమె కూడా ఓడింది. చివరికి ఆమె పదకొండు గెలిచింది, హన్మంత్ తొమ్మిది. రాజమణి మాత్రం ఆట ఆటకూ మూడేసి కాయలు తీసుకుని, గోడకానుకుని, మెల్లగా ఒలుచుకు తింటోంది.

"అత్తా, నీ కాయలు లెక్కబెట్టు" అంది.

రామలచ్చమ్మ లెక్కబెట్టింది. ముప్పై ఏడు. హన్మంత్ ముందు మూడు కాయలున్నాయి. వాటిలో ఒకటి పుచ్చిది.

"నేను గెలిచిన గదనే, పదమూడు కాయలు ఏడికి పోయినయ్?" రామలచ్చమ్మ నిజంగానే చాప ఎత్తి కింద చూసింది.

రాజమణి తన పక్కనున్న పొట్టు కుప్పను చూపించింది. అరవై కాయల పొట్టు. గెలిచినా ఓడినా, ఆట జరిగితే చాలు, ఆమెకు మూడు.

వెంకట్రాం సార్ లేచి లోపలికి వెళ్లారు. నోట్‌బుక్ తెచ్చి, వెనక పేజీలో లెక్క వేశారు. తన పోటీల్లో పెట్టింది పెట్టినట్టు మిగలాలన్నా వందలో యాభై ఎనిమిది గెలవాలి. యాభై మూడు గెలవడానికే ఆయన బ్రిడ్జి మీద పరుగెత్తారు.

"నీకు తెలివి లేదని నేనన్లేదు" అంది రాజమణి, కొంచెం మెత్తగానే. "యాభైకి మూడు ఎక్కువ తెచ్చినవు. ఆ మూడు సరిపోలేదు. మీ ఆట మీద పైసలు మిగిలింది కంపెనీకి, యాకయ్యకు."

హన్మంత్ తన యాప్‌లో ఏడాది కట్టిందీ తీసుకున్నదీ తొలిసారి వెతికి చూశాడు. బొటనవేలితో తెర పైకి తోస్తూ పోయాడు, అది ఎంతకీ ఆగలేదు. చివరికి ఫోన్ జేబులో పెట్టుకుని, "బస్సు టైమైంది" అన్నాడు. బస్సుకు ఇంకా రెండు గంటలుంది.

సార్ మాట మీద నిలబడ్డారు. ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి దేశమంతటా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నీ మూయించింది. మిగిలిన సొమ్ము వెనక్కి తీసుకోమని యాప్ నుంచి హన్మంత్‌కు మెసేజ్ వచ్చింది. అతని ఖాతాలో అరవై రెండు రూపాయలున్నాయి. యాకయ్య ఆ రోజు స్టాఫ్‌రూమ్ దాకా వచ్చి, పేపర్లో వార్త నిజమేనా అని నన్ను అడిగాడు. నిజమే అంటే, "మంచి గిరాకీ ఉండె సార్" అని నిట్టూర్చి వెళ్లాడు.

ఆ శీతాకాలం వెంకట్రాం సార్ తొమ్మిదో తరగతి ఆడపిల్లలతో జట్టు కట్టారు. రోజూ సాయంత్రం అయిదు దాకా ప్రాక్టీసు. ఎవరు ఎక్కడ నిలబడాలో మైదానంలో సున్నంతో గీతలు గీశారు. భూపాలపల్లిలో జోనల్ పోటీలకు తీసుకెళ్తే మొదటి మ్యాచ్‌లోనే తొమ్మిది వికెట్ల తేడాతో ఓడారు. సింధూజ అనే పిల్లే జట్టులో అసలైన బౌలర్, ఆమెకు ఆ రోజు తెల్లవారుజామునే జ్వరం వచ్చింది. తిరుగు బస్సులో పిల్లలు పాటలు పాడుతుంటే సార్ కిటికీ పక్కన కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. వంగి చూశాను. వచ్చే ఏడాదికి ఇద్దరు బౌలర్లను తయారు చేయాలని రాసి, కింద గీత గీశారు.

ఇంటి దగ్గర దిగగానే రాజమణి ఏమైందని అడిగింది.

"టాస్ ఓడినం" అన్నారు సార్, చెప్పులు విప్పుతూ.